తపస్సు ఒప్పయితే బస్సు తప్పెలా అవుతుంది?

‘బస్సు’ అనేవాళ్ళకి ఇంగ్లీషు సరిగ్గా రాదని, ‘బస్’ అనేవాళ్ళకి వచ్చని మన మధ్య ఒక లెక్క నడుస్తోంది. ఎక్కడా రాసి పెట్టలేదు గానీ అందరికీ తెలుసు. ఇంటర్వ్యూకి వెళ్ళే పిల్లలకి మాట చివర ‘ఉ’ తీసెయ్యమని చెబుతారు. ‘ఇస్కూలు’ అన్న మనిషిని చూసే చూపు వేరుగా ఉంటుంది. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ఇంగ్లీషు పద్ధతి పాటించమంటే నాకేమీ అభ్యంతరం లేదు. కానీ తెలుగు మాట్లాడేటప్పుడు కూడా ఆ ‘ఉ’ని నోరు తిరగకపోవడానికో, చదువు లేకపోవడానికో గుర్తుగా చూస్తారే, నా గొడవ దానితోనే. ఆ ‘ఉ’ వెనక చాలా పాతదీ, చాలా కచ్చితమైనదీ ఒక వ్యాకరణం ఉంది. అది ఎలా పనిచేస్తుందో ఒకసారి విప్పి చూస్తే ‘తప్పు’ అనే మాట ఇక్కడ అతకదని తెలుస్తుంది.

సంస్కృతంలో ‘తపస్’ అనే మాట సకారపు పొల్లుతో ముగుస్తుంది. తెలుగులోకి వచ్చేసరికి అది ‘తపస్సు’ అయింది. స రెట్టించింది, చివర ఉ చేరింది. తేజస్ తేజస్సు అయింది, ఛందస్ ఛందస్సు అయింది, దిక్ దిక్కు అయింది, విద్యుత్ విద్యుత్తు అయింది. ఇప్పుడు బస్, బుక్, సెట్ అనే మాటల్ని పక్కన పెట్టండి. బస్సు, బుక్కు, సెట్టు. ఒకే పని. వందల ఏళ్ళ కిందట సంస్కృతం మీద జరిగిందే ఇంగ్లీషు మీదా జరిగింది. మధ్యలో ఈ సూత్రాన్ని ఎవరూ ఎవరికీ నేర్పలేదు. తెలుగు మాట్లాడే ప్రతి తరమూ దాన్ని కొత్తగా, తెలియకుండానే పట్టుకుంది. మరి ‘తపస్సు’ అన్న పండితుణ్ణి సంస్కృతం రానివాడని ఎవరూ అనలేదు. పైగా ఆ మాటల్ని తత్సమాలన్నాం, అంటే మూలంతో సమానమైనవని. బస్సుకి మాత్రం ఆ మర్యాద దక్కలేదు.

ఇక్కడ రెండు ప్రశ్నలు వస్తాయి. ఉ ఎందుకు చేరింది, హల్లు ఎందుకు రెట్టించింది?

మొదటిదానికి జవాబు అందరికీ తెలిసిందే. తెలుగు అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి. ఏ అచ్చయినా చేరవచ్చు కదా, ఉ యే ఎందుకు అంటే, తెలుగులో అన్నిటికన్నా తేలిగ్గా వచ్చి తేలిగ్గా పోయే అచ్చు అదే కాబట్టి. ఉత్వసంధి నిత్యమని బళ్ళో చదువుకున్నాం. ఉ తర్వాత ఇంకో అచ్చు వస్తే ఉ తప్పనిసరిగా జారిపోతుంది. బస్సు ఎక్కాడు అంటే బస్సెక్కాడు. చేర్చిన అచ్చు అక్కర తీరగానే పోగలగాలి. ఆ పని అ గానీ ఆ గానీ అంత సులువుగా చెయ్యలేవు. పరాయి మాటకి వీలైనంత తక్కువ మార్పు చేసి, తెలుగు మాటలా నిలబెట్టే అచ్చు కావాలంటే ఉ ని మించింది లేదు.

రెండోది అసలైన ప్రశ్న. ఉ ఒక్కటి చేరిస్తే ‘బసు’ అవుతుంది. అచ్చుతో ముగియాలన్న షరతు అక్కడికే తీరిపోయింది. మరి ఇంకో స దేనికి?

దీనికి ఛందస్సులోనే జవాబుంది. ‘బస్’ అంటే పొల్లుతో కూడిన అక్షరం, కాబట్టి గురువు. ‘బసు’ అంటే రెండు లఘువులు. అంటే మాటలో ఉన్న ఒక్క గురువూ పోయింది. ‘బస్సు’ అంటే, ద్విత్వాక్షరానికి ముందున్నది గురువు కాబట్టి, గురువూ లఘువూ. గలం. మూలంలో ఉన్న బరువు అలాగే నిలిచింది, దాని వెనక ఒక తేలికైన లఘువు చేరింది. ఇదే లెక్క కారుకి వేసి చూడండి. కార్‌లో దీర్ఘం ఉంది. ఉ చేరి ‘కారు’ అయినా దీర్ఘం వల్ల మొదటి అక్షరం గురువుగానే ఉంది. రెట్టించాల్సిన పని లేదు, ఎవరూ ‘కార్రు’ అనలేదు. బల్బ్ చివర రెండు హల్లులున్నాయి. ‘బల్బు’ అనగానే సంయుక్తాక్షరానికి ముందున్న ‘బ’ గురువైపోయింది. అక్కడా రెట్టింపు లేదు. బస్సు, కారు, బల్బు. మూడు రకాల మాటలు మూడు దారుల్లో వచ్చి ఒకే గలం అయ్యాయి. ఛందస్సు అంటే ఏమిటో తెలియని మనిషి నోట కూడా ఇలాగే వస్తాయి.

బస్సు ఒక్కటే చూసి ఇదంతా తర్వాత కల్పించిన వివరణ అనుకునే వీలుంది. అందుకని నాకు చాలా ఇష్టమైన రుజువొకటి చెబుతాను. బస్ బస్సు అయింది. మరి గ్యాస్? ‘గ్యాసు’ అంటాం గానీ ‘గ్యాస్సు’ అనం. ఇంగ్లీషులో ఈ రెండు మాటల నిర్మాణం ఒకటే. ముందొక హల్లు, మధ్యలో ఒక పొట్టి అచ్చు, చివర ఒక స. ఇంగ్లీషు లెక్కన చూస్తే రెండూ రెట్టించాలి, లేదా రెండూ మానాలి. తెలుగులో ఒకటే రెట్టించింది.

కారణం ఆ అచ్చు తెలుగులోకి వచ్చిన తీరులో ఉంది. గ్యాస్‌లోని అచ్చుకి మన లిపిలో సొంత అక్షరం లేదు గానీ మన నోట్లో ఆ ధ్వని ఉంది. ‘వచ్చాడు’, ‘చేశాడు’ అని మామూలుగా అనేటప్పుడు చాలామంది నోట ఆ ‘చా’, ‘శా’లలో పలికేది అదే. అయితే తెలుగులో ఆ ధ్వని ఎప్పుడూ దీర్ఘంగానే పలుకుతుంది, పొట్టి రూపం లేదు. అందుకని ఇంగ్లీషులో పొట్టిగా ఉన్నది మన దగ్గరికి వచ్చేసరికి దీర్ఘమైపోయింది. దీర్ఘం కాగానే ‘గ్యా’ దానంతట అదే గురువు, ఇక రెట్టింపు అక్కర్లేదు. క్యాపు, మ్యాపు, బ్యాగు అన్నీ అంతే. షాప్ కూడా చూడండి. ఇంగ్లీషులో అక్కడున్నది పొట్టి అచ్చే. మనం దాన్ని ఆ గా విన్నాం, ‘షాపు’ అన్నాం. ఇంగ్లీషు మనిషికి కప్, క్యాప్, షాప్ మూడింటిలోనూ పొట్టి అచ్చులే. మనకి కప్పు ఒకవైపు, క్యాపు, షాపు ఇంకోవైపు.

దీన్నిబట్టి తేలేది ఏమిటంటే, రెట్టించాలా వద్దా అనే లెక్క ఇంగ్లీషు అచ్చు మీద జరగడం లేదు, తెలుగైన అచ్చు మీద జరుగుతోంది. ముందు అచ్చు తెలుగవుతుంది, ఆ తర్వాత గురువుందో లేదో చూసుకుని హల్లు రెట్టిస్తుంది లేదా ఊరుకుంటుంది. నోరు తిరగక పలికే మాటల్లో ఇంత వరస ఉండదు. తడబాటు అయితే ఒకరు గ్యాస్సు అనాలి, ఇంకొకరు బసు అనాలి.

సూత్రం అన్నిచోట్లా నున్నగా నడవదు, అదీ చెప్పాలి. రోడ్డులో దీర్ఘం ఉన్నా డ రెట్టించింది. లోడు, కోడు అని ఊరుకున్న నోరే రోడ్డు అంటుంది. అయితే ఇలాంటిది సంస్కృతంలోంచి వచ్చినవాటిలోనూ ఉంది. వాక్ అనే మాటలో దీర్ఘం ఉన్నా ‘వాక్కు’ అయింది. ఈ రెండింటిలో రెట్టింపు అదనపుదే గానీ గురువుకి నష్టం లేదు. గురువు పోగొట్టిన రూపాలు ఒంటి అక్షరపు మాటల్లో మాత్రం దొరకడం కష్టం. మాట పొడుగైతే పట్టు సడలుతుంది. మనస్సుతో పాటు మనసూ నిలిచింది. టికెట్టు, రాకెట్టు, మార్కెట్టు అని ట ని రెట్టిస్తాం గానీ టీచరు, నంబరు, హోటలు, స్టేషను అన్నప్పుడు ర, ల, న లను వదిలేస్తాం. ముందే వేరే గురువో, బలమైన అక్షరమో మాటని మోస్తున్నప్పుడు చివరి అక్షరం బరువు అంత పట్టింపు కాదు. టకారం లాంటి గట్టి హల్లులు మాత్రం అక్కడా రెట్టిస్తున్నాయి.

చివర చేరే అచ్చు దగ్గరికి మళ్ళీ వస్తాను, అక్కడ ఇంకో చక్కని సంగతి ఉంది. నర్స్ నర్సు అయింది. జడ్జ్ మాత్రం జడ్జి అయింది. లాడ్జి, బ్రిడ్జి, బెంచీ, వాచీ, పేజీ, కాలేజీ, నెలల్లో మార్చి. చ, జ ల తర్వాత ఉ రాకుండా ఇ గానీ ఈ గానీ వచ్చింది. ఎందుకు?

అచ్చతెలుగు మాటల్లో చ, జ లు రెండు రకాలుగా పలుకుతాయి. ‘చిలుక’, ‘జిగురు’ అన్నప్పుడు నాలుక అంగిలికి తగులుతుంది, అవి తాలవ్యాలు. ‘చుక్క’, ‘జుట్టు’ అన్నప్పుడు నాలుక పళ్ళ దగ్గరికి వెళ్తుంది, అవి దంత్యాలు. ఏది ఎప్పుడో పక్కనున్న అచ్చు చెబుతుంది. ఇ, ఎ ల ముందు తాలవ్యం, అ, ఉ, ఒ ల ముందు దంత్యం. ఇంగ్లీషులో జడ్జ్, మార్చ్ చివరున్నవి తాలవ్యాలే. వాటికి ఉ చేరిస్తే తెలుగు నోరు వాటిని దంత్యం వైపు లాగేస్తుంది. ‘మార్చు’ అని పలికి చూడండి, అది ‘ఏదైనా మార్చు’ అనే క్రియలో పలికినట్టే వస్తుంది. మూలంలోని ధ్వని చెడిపోతుంది. అందుకని ఇక్కడ ఉ ని పక్కన పెట్టి, తాలవ్యాన్ని కాపాడే ఇ ని తెచ్చుకున్నాం. పరాయి ధ్వనిని పాడుచేస్తున్నారని నిందపడ్డ మనుషులే ఆ ధ్వనిని నిలబెట్టడానికి అచ్చుని మార్చుకున్నారు.

ఇది మన ఒక్కరి తెలివీ కాదు. తెలుగుతో ఏ చుట్టరికమూ లేని జపాను భాషలోనూ మాటలు మామూలుగా అచ్చుతోనే ముగుస్తాయి, న లాంటి అనునాసికం ఒక్కటే మినహాయింపు. వాళ్ళూ కప్‌ని ‘కప్పు’ అంటారు. వాళ్ళ దగ్గర ట తర్వాత ఉ వస్తే ఆ ట మన ‘చుక్క’లోని దంత్య చ లా మారిపోతుంది. అందుకని ట, డ ల తర్వాత ఉ మానేసి ఒ వాడుకుంటారు, బెడ్‌ని ‘బెద్దొ’ అంటారు. పేజ్‌ని వాళ్ళూ ‘పేజి’ అనే అంటారు. బస్ మాత్రం వాళ్ళకి ‘బసు’, అక్కడ స రెట్టించదు. సరుకు ఒకటే, అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే, జవాబులు మాత్రం ఏ భాషకి దానివే.

ఈ మార్పు నోట్లో జరుగుతుందా, చెవిలోనే జరిగిపోతుందా అన్నది భాషాశాస్త్రంలో పెద్ద చర్చ. 1999లో పరిశోధకుడు ఇమ్మాన్యుయేల్ డుపూ, ఆయన సహచరులు ప్రచురించిన ప్రయోగం ఒకటి దీనికి బాగా వెలుగునిచ్చింది. ‘ఎబ్జొ’ లాంటి అర్థం లేని మాటల్ని జపాను వాళ్ళకీ, ఫ్రెంచి వాళ్ళకీ వినిపించారు. బ కీ జ కీ మధ్య అచ్చేమీ లేకపోయినా జపాను వాళ్ళు అక్కడ ఉ వినిపించిందని ఎక్కువసార్లు చెప్పారు. ఫ్రెంచి వాళ్ళకి అలా వినిపించలేదు. అంటే కొన్నిసార్లు చేర్చిన అచ్చు చేర్చినట్టే మనిషికి తెలియదు, అతను విన్నదే అది. ‘ఉన్నదున్నట్టు పలకలేవా’ అని ఒకరిని గదమాయించేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ఇస్కూలు సంగతి కూడా చెవి నుంచే అర్థమవుతుంది. మాట మొదట్లో రెండు హల్లులు కలిసి రావడం వాడుక తెలుగుకి ఇబ్బంది. దాన్ని విడదీయడానికి అచ్చు కావాలి. స్కూల్‌కి ఆ అచ్చు ముందు చేరింది, ఇస్కూలు. స్టాంప్‌కీ అంతే, ఇస్టాంపు. గ్లాస్‌కి మాత్రం మధ్యలో చేరింది, గలాసు. ఎవరూ ‘సికూలు’ అనరు, ‘ఇగ్లాసు’ అనరు. ఈజిప్టు అరబ్బీలోనూ ఇదే తేడా ఉంది. స్టడీ వాళ్ళకి ‘ఇస్తడి’, ప్లాస్టిక్ ‘బిలస్తిక్’. గ నుంచి ల కి నాలుక జారేటప్పుడు మధ్యలో అచ్చులాంటి చిన్న మెరుపు ముందే వినిపిస్తుంది, అక్కడ అచ్చు పెడితే పెద్ద తేడా తెలియదు. స నుంచి క కి వెళ్ళేటప్పుడు అలాంటిదేమీ లేదు. బుసలాంటి ధ్వని టక్కున మూతపడుతుంది. మధ్యలో అచ్చు పెడితే మాట బాగా మారినట్టు వినిపిస్తుంది, ముందు పెడితే ఆ జంట చెక్కుచెదరదు. ఎక్కడ మార్పు తక్కువ వినిపిస్తుందో అక్కడే చెయ్యి పెట్టే ఈ నేర్పు ‘ఇస్కూలు’ అనే మనిషిది. ఆ మనిషిని మనం మొరటు అన్నాం.

ఇప్పుడు ‘బస్’ అనేవాళ్ళ వైపు చూద్దాం. నేనూ ఆ గుంపులోనే ఉన్నాను, మాట్లాడేటప్పుడు నాకూ బస్, కార్ అనే వస్తాయి. ఉ తీసేస్తే ఇంగ్లీషు పలుకు వచ్చేసినట్టేనా? మేము ‘టైం’ అంటాం. ఇంగ్లీషు మనిషి ఆ మాట మొదట్లో నాలుకని పైపళ్ళ వెనక చిగురుకి తాకిస్తాడు. మన త కి నాలుక పళ్ళకి తగులుతుంది, ట కి వెనక్కి మడుచుకుని అంగిలికి తగులుతుంది. ఇంగ్లీషుది ఈ రెంటి మధ్య చోటు. మన దగ్గర ఉన్నవి రెండే గదులు, మధ్యది లేదు. మనం దాన్ని ట లో వేశాం. పోర్చుగీసు వాళ్ళ త పళ్ళకి తగిలేది కాబట్టి దాన్ని త లోనే ఉంచాం. ఒళ్ళు తుడుచుకునే గుడ్డకి మనకి రెండు అరువు మాటలున్నాయి. పోర్చుగీసు నుంచి వచ్చింది తువాలు, ఇంగ్లీషు నుంచి వచ్చింది టవలు. వస్తువు ఒకటే, మాటల వేరు దూరంగా ఎక్కడో ఒకటే, మొదటి అక్షరం మాత్రం ఏ ఓడలో దిగిందో చెప్పేస్తుంది. ఎంత చదివినవాళ్ళయినా తెలుగు వాక్యంలో టైం, డాక్టర్, టికెట్ అన్నప్పుడు ట, డ లు మన ట, డ లే. వ్యాన్‌కీ వైన్‌కీ ఇంగ్లీషులో వేరువేరు ధ్వనులు, మనందరికీ ఒకటే వ. కాబట్టి ఒకళ్ళు మార్చి పలుకుతున్నారు, ఇంకొకళ్ళు సరిగ్గా పలుకుతున్నారు అన్న లెక్కే నిలవదు. అందరం మారుస్తున్నాం. కొన్ని మార్పులకి సిగ్గు అంటించాం, కొన్నిటికి అంటించలేదు.

ఆ తీసేసిన ఉ కూడా నిజంగా పోలేదు. బస్ అనే నోటితోనే బహువచనం వచ్చేసరికి ‘బస్సులు’ అంటాం. ‘బస్సెక్కాను’ అంటాం. ఇంకా ముఖ్యమైనది ల తో ముగిసే మాటల్లో కనిపిస్తుంది. రైలు రైళ్ళు అయింది, స్కూలు స్కూళ్ళు, ఫైలు ఫైళ్ళు, సైకిలు సైకిళ్ళు. ఇంగ్లీషులో ళ అనే ధ్వనే లేదు. మరి అది ఎక్కడినుంచి వచ్చింది? కాలు కాళ్ళు, వేలు వేళ్ళు అయిన చోటి నుంచే. బహువచనం కోసం ఆ మాటలు తెలుగు వ్యాకరణంలోకి దిగాయి, దిగినందుకు ళ పుట్టింది. ‘స్కూల్’ అని చివర ఉ లేకుండా జాగ్రత్తగా పలికే మనిషి, రెండు వాక్యాల తర్వాత ‘స్కూళ్ళకి సెలవులు’ అంటాడు. ఆ మాట అతని మనసులో ‘స్కూలు’గానే ఉంది కాబట్టే అది సాధ్యమైంది.

మాటల్ని అరువు తీసుకున్న భాష ఎప్పటికీ మారకుండా ఉంటుందని నేను అనడం లేదు. మాటలు గుంపులుగా వచ్చి పడితే సూత్రాలూ కొంత చోటిస్తాయి. ఒకప్పుడు ఆఫీసుని ఆపీసు అనడం మామూలు, ఇప్పుడు ఆ రూపం బాగా తగ్గింది. పై పళ్ళు కింది పెదవికి తగిలే ఆ ఊదుడు ధ్వని తెలుగులో స్థిరపడింది. చిగురుకి తగిలే ట కి దొరకని చోటు దీనికి ఎలా దొరికింది? మన వ పలికేటప్పుడు పై పళ్ళు, కింది పెదవి ముందే దగ్గరికి వస్తాయి. దానికి నాదం తీసేసి కాస్త గాలి కలిపితే ఫోనులోని ఫ వస్తుంది. పక్కన పోటీపడే ధ్వని ఏదీ లేదు, ఆ చోటు ఖాళీగా ఉంది. ట కి అలా కాదు. త కీ ట కీ మధ్య ఇంకో ధ్వనిని ఇరికించి మూడింటినీ వేరువేరుగా వినగలగాలి, అది చాలా పెద్ద కోరిక.

వచ్చిన ఫ ఇంగ్లీషు మాటలతో ఆగలేదు. ఫలం, ఫలితం, సఫలం అనే మాటల్లో ఉండాల్సింది పెదవులు రెండూ మూసి, ఒత్తి పలికే ఫకారం. ఇప్పుడు చాలామంది వాటిని కూడా ఫోనులోని ఫ తోనే పలుకుతున్నారు. అంటే ఇంగ్లీషు నుంచి అరువు తెచ్చుకున్న ధ్వనితో, అంతకుముందెప్పుడో సంస్కృతం నుంచి అరువు తెచ్చుకున్న మాటని తిరిగి మలుస్తున్నారు. వార్తలు చదివేవాళ్ళు ‘ఫలితాలు’ అన్నప్పుడు చెవి పెట్టి వినండి. ఎక్కువసార్లు పెదవులు మూతపడవు. దాన్ని ఎవరూ మొరటు ఉచ్చారణ అనడం లేదు, అనమని నేనూ అడగను. ఇస్కూలుకీ అదే న్యాయం చెయ్యమంటున్నాను.